ఒకరు ఉంచమంటారు, ఇంకొకరు తీసెయ్యమంటారు: ఇద్దరు సమీక్షకుల మధ్య చిక్కుకున్న గణాంక విభాగం

ప్రశ్న: నేను పోషకాహార శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎనిమిది బాలికల సంక్షేమ వసతి గృహాలలో 240 మందిపై ఆరు నెలల అధ్యయనం చేశాం. ఒక జిల్లాలోని నాలుగు హాస్టళ్లలో రోజూ రాగి, ఆకుకూర, నువ్వులు చేర్చిన భోజనం పెట్టించాం. పక్క జిల్లాలోని నాలుగింటిలో మామూలు భోజనమే. భోజనం మార్చడానికి అనుమతి ఒక జిల్లాలోనే వచ్చింది కాబట్టి చీటీలు వేసి ఎంపిక చేయడం కుదరలేదు. కొత్త భోజనం తిన్నవారి సగటు హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 10.6 గ్రాముల నుంచి 11.5కు, మిగిలినవారిది 11.2 నుంచి 11.6కు పెరిగింది. పెరుగుదలలను పోల్చి, తేడా 0.5 అని, ప్రామాణిక దోషం 0.16 అని రాశాం. మొదట్లో ఉన్న కొలతను, అంటే బేస్‌లైన్‌ను, ఆన్‌కోవా పద్ధతిలో సర్దుబాటు చేస్తే తేడా 0.26 అని, అది గణాంకపరంగా ప్రాధాన్యం లేనిదని కింద ఒక వాక్యంలో చెప్పాం. మొదటి రివ్యూయర్ పెరుగుదలల పోలిక మొత్తం తీసేసి ఆన్‌కోవా మాత్రమే ఉంచమన్నారు. రెండో రివ్యూయర్ ఆ ఒక్క ఆన్‌కోవా వాక్యాన్ని తీసేయమన్నారు, యాదృచ్ఛిక కేటాయింపు లేని అధ్యయనంలో అది తప్పుదారి పట్టిస్తుందన్నారు. ఎడిటర్ లేఖలో ‘అన్ని వ్యాఖ్యలకూ సమాధానం ఇవ్వండి’ అని మాత్రమే ఉంది. గడువు 60 రోజులు. మా గైడ్ గారు ఎవరు కఠినంగా రాశారో వారి మాట వినమంటున్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పరిస్థితి. ఏం చేయాలి?

సమాధానం: మీరు అంకెలతో సహా రాయడం వల్ల నా పని సులువైంది. సమీక్షకుల మధ్య విరోధాలు చాలావరకు పైకి కనిపించేవే. ఒకరు విభాగం పెద్దదైందంటారు, మరొకరు వివరం చాలలేదంటారు, తీరా చూస్తే ఇద్దరినీ ఇబ్బంది పెట్టినది ఒకే అస్పష్టమైన పేరా అయి ఉంటుంది. మీది అలాంటిది కాదు. మీ ఇద్దరు సమీక్షకులూ నిజంగానే విభేదిస్తున్నారు, ఇద్దరి వెనుకా గట్టి శాస్త్రం ఉంది. అందువల్ల ఎవరిని మెప్పించాలన్న ప్రశ్నను కాసేపు పక్కనపెట్టి, వారు దేని గురించి విభేదిస్తున్నారో ముందు తేల్చుకుందాం.

ఆరు నెలల తరువాత రెండు బృందాల మధ్య తేడా మైనస్ 0.1. అంటే కొత్త భోజనం తిన్నవారే ఇంకా కొద్దిగా వెనుకబడి ఉన్నారు. మొదట్లో ఆ తేడా మైనస్ 0.6. రెండో సమీక్షకుని పద్ధతిలో మొదటి తేడాను పూర్తిగా తీసివేస్తాం, మైనస్ 0.1 నుంచి మైనస్ 0.6 తీసివేస్తే 0.5 వస్తుంది. ఆన్‌కోవా మొదటి తేడాలో కొంత వంతునే తీసివేస్తుంది. ఆ వంతు ఎంతో మీ సమాచారంలోని బేస్‌లైన్, ఎండ్‌లైన్ సంబంధమే నిర్ణయిస్తుంది. మీ అంకెలను వెనక్కి లెక్కగడితే ఆ వంతు, అంటే ఆన్‌కోవా వాలు, 0.6 దగ్గర ఉన్నట్టు తెలుస్తోంది: 0.6లో 0.6 వంతు 0.36, దానికి మైనస్ 0.1 కలిపితే 0.26. రెండు పద్ధతుల మధ్య ఉన్న తేడా అంతా ఇదే.

దీన్ని గణితం నుంచి మీ హాస్టళ్లలోకి తెచ్చుకుంటే ప్రశ్న ఇలా ఉంటుంది. మీరు ఆ భోజనం పెట్టించకపోయి ఉంటే, రెండు జిల్లాల బాలికల మధ్య ఉన్న 0.6 గ్రాముల అంతరంలో ఆరు నెలల తరువాత ఎంత మిగిలి ఉండేది? రెండో సమీక్షకుడు మొత్తం మిగిలేదని అనుకుంటున్నారు. మొదటి సమీక్షకుడు కొంత భాగం తనంతట తానే కరిగిపోయి 0.36 మిగిలేదని అనుకుంటున్నారు. ఇద్దరూ ఈ మాట ఇంత విడమరచి రాసి ఉండరు, బహుశా అనుకొని కూడా ఉండరు. కానీ వారి సూచనలు నిలబడేది ఈ ఊహల మీదే, వాటిలో ఏది మీ అధ్యయనానికి సరిపోతుందో చెప్పగలిగినవారు ఆ హాస్టళ్లను చూసిన మీరే.

ఈ చిక్కు పాతదే. 1967లో ఫ్రెడరిక్ లార్డ్ అనే గణాంక శాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసంలో ఊహాజనితమైన ఉదాహరణ ఒకటి ఇచ్చాడు. ఒక విశ్వవిద్యాలయం తన భోజనశాల ఆహారం విద్యార్థుల బరువుపై చూపే ప్రభావం తెలుసుకోవాలని సెప్టెంబరులోను, మళ్లీ జూన్‌లోను బరువులు తూచింది. ఒక గణాంకవేత్త బరువుల మార్పును పోల్చి, అబ్బాయిల మీద, అమ్మాయిల మీద ప్రభావంలో తేడా లేదన్నాడు. రెండో గణాంకవేత్త అదే సమాచారాన్ని మొదటి బరువుతో సర్దుబాటు చేసి, తేడా ఉందన్నాడు. లెక్కలో ఇద్దరూ పొరపాటు చేయలేదు. దీన్ని లార్డ్ వైరుధ్యం అంటారు. మీ గణాంక విభాగంలో ఇప్పుడు జరుగుతున్నది అచ్చంగా అదే, కాబట్టి మీ జవాబులో ఆ పేరును నిస్సంకోచంగా వాడండి. వాడితే ఇద్దరు సమీక్షకులకూ మీరు సమస్య మూలాన్ని పట్టుకున్నారని అర్థమవుతుంది.

ఇక మీ అధ్యయనానికి ఏ ఊహ దగ్గరగా ఉంది? దీనికి జవాబు బృందాలు ఎలా ఏర్పడ్డాయన్న దానిలో ఉంది. చీటీలు వేసి కేటాయించిన ప్రయోగాలలో మొదటి తేడా కేవలం యాదృచ్ఛికం, అందులో కొంత భాగం తనంతట తానే సర్దుకుంటుంది. అక్కడ రెండు పద్ధతులూ పక్షపాతం లేనివే, ఆన్‌కోవాకు కచ్చితత్వం ఎక్కువ. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2001లో వికర్స్, ఆల్ట్‌మన్ రాసిన చిన్న వ్యాసం తరువాత ఈ సలహా వైద్య పరిశోధనలో దాదాపు నియమంలా స్థిరపడింది. మొదటి సమీక్షకుడు ఆ అలవాటుతోనే రాసి ఉంటారని నా ఊహ. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నవారినే ఏరి భోజనం పెట్టించినా వాదం ఆయన వైపే మొగ్గుతుంది. ఒకసారి కొలిచినప్పుడు బాగా తక్కువ వచ్చినవారిలో కొందరికి ఆ రోజు కొలతే తక్కువగా వచ్చి ఉంటుంది, మళ్లీ కొలిస్తే ఏ చికిత్సా లేకుండానే సగటు వైపు జరుగుతారు. ఆ జరుగుబాటును భోజన ఫలితంగా లెక్కగట్టకూడదు.

మీ విషయంలో ఈ రెండూ జరగలేదు. ఏ జిల్లాలో అనుమతి వచ్చిందో అక్కడ పెట్టించారు, ఎవరి హిమోగ్లోబినూ చూసి ఎంచుకోలేదు. అప్పుడు ఆ 0.6 అంతరం ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి ఉన్న కారణాల వల్ల, అంటే ఇళ్లలోని తిండి, నులిపురుగులు, ఆర్థిక స్థితి లాంటి వాటి వల్ల ఏర్పడి ఉండే అవకాశమే ఎక్కువ. అలాంటి అంతరం ఆరు నెలల్లో దానంతటది కరగదు. ఈ స్థితిలో ఆన్‌కోవా పక్షపాతానికి లోనవుతుందని 2006లో వాన్ బ్రూకెలెన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ ఎపిడెమియాలజీలో చూపించాడు. రెండో సమీక్షకుని అభ్యంతరం ఈ దారిలోనిదే. దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. మీరు కొలిచింది వేలి చివర రక్తపు బొట్టుతో అయితే, సిర నుంచి తీసిన రక్తంతో పోలిస్తే ఆ కొలతలో ఒడిదుడుకులు ఎక్కువ. బేస్‌లైన్ కొలతలో దోషం ఎంత ఉంటే ఆన్‌కోవా వాలు అంత తగ్గుతుంది. మీ 0.6 వాలు నిజానికి 0.8 అయి ఉండి, కొలత దోషం వల్ల అలా కనిపిస్తుంటే, సర్దుబాటు చేసిన తేడా 0.26 కాదు, 0.38.

అయితే రెండో సమీక్షకుని ఊహ కూడా ఉచితంగా రాదు. భోజనం మారకపోతే రెండు జిల్లాల్లోనూ పెరుగుదల ఒకేలా ఉండేదని అది నమ్ముతుంది. మామూలు భోజనం తిన్నవారికి కూడా 0.4 పెరిగిందన్నది గమనించండి. అది ఎక్కడి నుంచి వచ్చింది? బడులలో వారంవారం ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రల సరఫరా ఆ ఆరు నెలల్లో ఒక జిల్లాలో సక్రమంగా ఉండి, మరో జిల్లాలో ఆగిపోయి ఉంటే మీ 0.5కు అర్థమే మారిపోతుంది. రెండు జిల్లాల మాత్రల రిజిస్టర్లు, నులిపురుగుల మందు ఇచ్చిన తేదీలు సంపాదించండి. అధ్యయనానికి ముందు సంవత్సరం హాస్టళ్లలో జరిగిన ఆరోగ్య పరీక్షల్లో హిమోగ్లోబిన్ నమోదై ఉంటే ఇంకా మంచిది. అప్పుడు కూడా రెండు జిల్లాల మధ్య అంతరం సుమారు 0.6గానే ఉందని తేలితే, అది నిలకడైన అంతరమని చెప్పడానికి మీకు సాక్ష్యం దొరికినట్టే. అప్పటి కొలత పరికరం వేరైతే ఆ సంగతి రాసి, ఆ సాక్ష్యాన్ని అంతవరకే వాడుకోవాలి. సమీక్షకులకు మీరిచ్చే జవాబులో వంద వాక్యాల వాదన కన్నా ఈ ఒక్క చిన్న పట్టిక ఎక్కువ పని చేస్తుంది.

ఇప్పుడు ఇద్దరు సమీక్షకులూ అడగని విషయం ఒకటి చెప్పాలి, ఇది మీకు రుచించకపోవచ్చు. 0.16 అనే ప్రామాణిక దోషం 240 మంది బాలికలను ఒకరితో ఒకరికి సంబంధం లేని వ్యక్తులుగా లెక్కించి తీసినట్టుంది. వారు ఎనిమిది వంటగదుల నుంచి తింటున్నారు. ఒకే హాస్టల్‌లోని వారి హిమోగ్లోబిన్ మార్పులు కొంతైనా ఒకేలా ఉంటాయి. ఆ సారూప్యతను సూచించే సహసంబంధం కేవలం 0.03 అనుకున్నా, హాస్టల్‌కు 30 మంది చొప్పున లెక్కిస్తే, 29ని 0.03తో గుణించి ఒకటి కలిపితే విస్తృతి 1.87 రెట్లు అవుతుంది. దాని వర్గమూలం సుమారు 1.37 కనుక ప్రామాణిక దోషం 0.22కు పెరుగుతుంది. 0.5ను దానితో భాగిస్తే 2.3 వస్తుంది. నాలుగు హాస్టళ్లను మరో నాలుగింటితో పోల్చినప్పుడు మిగిలే స్వేచ్ఛా పరిమాణాలు ఆరే, అక్కడ ఐదు శాతం స్థాయిని దాటాలంటే 2.45 కావాలి. అంటే ప్రాధాన్యం ఉందని మీరు రాసిన ఫలితం కూడా సరిగా లెక్కిస్తే గీతకు ఇటువైపే ఉండవచ్చు. ఆ సహసంబంధం నేను అనుకున్నదే, మీ అసలు విలువ మీ సమాచారం నుంచే తీయాలి. కానీ ఎవరూ అడగలేదు కదా అని దీన్ని వదిలేయకండి. రెండో దఫాలో ఎడిటర్ గణాంక సమీక్షకుణ్ణి పిలిస్తే మొదట చూసేది ఇదే, అప్పటికి సమయం మించిపోతుంది.

దీన్ని ఇక్కడ చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మీ ఉత్తరంలో మీరు నేరుగా అనకపోయినా, రెండో సమీక్షకుని మాట వింటే ఫలితం నిలుస్తుంది, మొదటివారి మాట వింటే పోతుంది అన్న లెక్క మీ మనసులో ఉండే ఉంటుంది. ఎవరికైనా ఉంటుంది. ప్రామాణిక దోషాన్ని సరిచేసిన తరువాత రెండు ఫలితాలూ అనిశ్చితమైనవే అయితే, ఆ లెక్కకు ఆధారం పోయి ఎంపిక తేలికవుతుంది. అప్పుడు మిగిలేది ఏ పద్ధతి మీ అధ్యయన నిర్మాణానికి సరిపోతుందన్న ప్రశ్న ఒక్కటే.

ఆ ప్రశ్నకు మీరు ఇప్పటికే ఒకసారి జవాబిచ్చి ఉన్నారేమో చూడండి. డాక్టోరల్ కమిటీ ఆమోదించిన సినాప్సిస్‌లో, సంస్థాగత నైతిక కమిటీకి సమర్పించిన ప్రొటోకాల్‌లో గణాంక విశ్లేషణ అని ఒక పేరా ఉంటుంది. సమాచారం చూడక ముందు అక్కడ ఏ పద్ధతి రాశారో అదే ప్రధాన విశ్లేషణగా నిలవాలి. దాన్ని మార్చాలంటే సమీక్షకుడు అడిగారన్న కారణం చాలదు, ఆ పద్ధతి తప్పని తేలాలి. చాలా సినాప్సిస్‌లలో ‘తగిన గణాంక పరీక్షలు వాడబడును’ అని మాత్రమే ఉంటుంది. మీదీ అంతే అయితే ముందుగా నిర్ణయించామని రాయకండి. ముందు నిర్ణయం లేదని, బృందాలు ఏర్పడిన తీరును బట్టి పెరుగుదలల పోలికను ప్రధానంగా తీసుకున్నామని, ఫలితాలు చూసిన తరువాతే ఈ చర్చ వచ్చిందని ఉన్నదున్నట్టు రాయండి.

ఇక మీ ముందున్న దారులు చూద్దాం. మొదటి సమీక్షకుని మాట పూర్తిగా వింటే ఆయన సంతృప్తి చెందుతారు, కానీ మీ అధ్యయన నిర్మాణానికి తక్కువ సరిపోయే అంకె వ్యాసానికి ముఖంగా నిలుస్తుంది, రెండో సమీక్షకుడు దాన్ని పట్టుకుంటారు. చాలా పత్రికలలో సమీక్షకులకు ఒకరి వ్యాఖ్యలు మరొకరికి, మీ జవాబుతో సహా కనిపిస్తాయి. అందుకే ఒక్కొక్కరికి ఒక్కొక్క రకంగా ‘మీరు చెప్పినట్టే చేశాం’ అని రాసే ఉపాయం పారదు. రెండో సమీక్షకుని మాట పూర్తిగా విని ఆన్‌కోవా వాక్యాన్ని తీసేస్తే, అననుకూలమైన ఫలితాన్ని ఒకసారి చూపించి తరువాత మాయం చేసినట్టు అవుతుంది. మీ ఉద్దేశం అది కాకపోయినా మొదటి సమీక్షకుడు అలాగే చదువుతారు, ఆయన్ని తప్పుపట్టలేం. వ్యాసాన్ని ఉపసంహరించుకొని వేరే పత్రికకు పంపే దారి కూడా ఉంది, కొందరు పంపుతారు. మీ రంగంలో ఈ విషయం తెలిసిన సమీక్షకులు కొద్దిమందే కాబట్టి అదే ప్రశ్న, కొన్నిసార్లు అదే మనిషి నుంచి, మళ్లీ ఎదురుకావచ్చు. మధ్యలో కొన్ని నెలలు పోతాయి.

నాకు సరైనదనిపించేది రెండు అంకెలనూ ఉంచి, వాటికి వేరువేరు హోదా ఇవ్వడం. పెరుగుదలల పోలికను ప్రధాన విశ్లేషణగా, ఆన్‌కోవాను, ఊహ మారితే ఫలితం ఎంత మారుతుందో చూసే పరీక్షాత్మక విశ్లేషణగా పెట్టండి. రెండింటినీ ఒకే హాస్టల్‌లోని వారి మధ్య సారూప్యతను లెక్కలోకి తీసుకున్న ప్రామాణిక దోషాలతో, ఒకే పట్టికలో పక్కపక్కన చూపండి. ఇద్దరికీ చెరి సగం పంచే రాజీగా దీన్ని చూడవద్దు, దీనికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. భోజనం లేకపోయినా 0.6 అంతరంలో 0.6 వంతు నుంచి మొత్తం దాకా ఎంత నిలిచి ఉండేదైనా, భోజన ప్రభావం 0.26కు, 0.5కు మధ్యే ఉంటుంది. అప్పుడు పాఠకుడికి ఒక అంకె బదులు ఒక పరిధి దొరుకుతుంది, ఆ పరిధి ఏ ఊహ మీద ఆధారపడిందో కూడా తెలుస్తుంది. దీనికి మీరు చెల్లించే మూల్యం సారాంశంలో, ముగింపులో మాట తగ్గించుకోవడం. ‘హిమోగ్లోబిన్‌ను గణనీయంగా పెంచింది’ అన్న వాక్యం ఉండదు. దాని స్థానంలో ‘పెరుగుదల 0.3 నుంచి 0.5 వరకు ఉండవచ్చు, ఎనిమిది హాస్టళ్ల అధ్యయనం దీన్ని నిర్ధారించలేదు’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. మీ గైడ్ గారికి ఇది నచ్చకపోవచ్చు.

ఆయనతో మాట్లాడేటప్పుడు ఎవరు కఠినంగా రాశారన్న చర్చలోకి వెళ్లకండి. కఠినత్వం సమీక్షకుని స్వభావాన్ని చెబుతుంది, నిర్ణయంలో ఆయన బరువెంతో చెప్పదు. సమీక్షకులు సలహా ఇస్తారు, నిర్ణయం ఎడిటర్‌ది. ఒక కాగితం మీద పైన చూపిన మూడు లెక్కలూ, అంటే 0.5, 0.26, సరిచేసిన ప్రామాణిక దోషం రాసి ముందు పెట్టండి. ‘సార్, ఎవరి మాట విన్నా రెండోవారు ఈ అంకెతో అడుగుతారు, అప్పుడు మనం ఏం చెబుదాం?’ అని అడగండి. పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత ఆయనే అయితే ఎడిటర్‌కు ఉత్తరం కూడా ఆయన పేరుతోనే వెళ్లాలి, మీరు ముసాయిదా రాసి ఇవ్వండి. మీ విశ్లేషణకు సాయపడిన గణాంక నిపుణుడెవరైనా ఉంటే ఈ దశలోనే పిలవండి. హాస్టల్ స్థాయి లెక్కను మరొకరు సరిచూడటం అవసరం, హాస్టళ్లు ఇంత తక్కువ ఉన్నప్పుడు మామూలు మిశ్రమ మోడల్ కూడా దోషాన్ని తక్కువ చేసి చూపగలదు. ఎనిమిది హాస్టళ్ల సగటు పెరుగుదలలను తీసుకొని నాలుగుకు నాలుగు పోల్చే సాదా టీ పరీక్షను పక్కన పెట్టుకుంటే, మీ పెద్ద మోడల్ దారి తప్పిందో లేదో వెంటనే తెలుస్తుంది.

ఎడిటర్‌కు ఎప్పుడు రాయాలి? ఏమీ తేల్చుకోకుండా మొదటి రోజే ‘ఎవరి మాట వినమంటారు?’ అని రాస్తే ‘మీ విచక్షణ మేరకు’ అన్న జవాబే వస్తుంది, లేదా జవాబే రాదు. లెక్కలు పూర్తయి మీ ప్రతిపాదన సిద్ధమయ్యాక, గడువులో కనీసం సగం మిగిలి ఉండగా రాయండి. వ్యాసం సంఖ్య పెట్టి అర పేజీకి మించకుండా, ఆంగ్లంలో ఈ సారాంశం వచ్చేలా ఉంటే చాలు:

‘గణాంక విశ్లేషణ విభాగంపై మొదటి సమీక్షకుని మూడో వ్యాఖ్య, రెండో సమీక్షకుని ఐదో వ్యాఖ్య ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నాయి. ఒకదాన్ని పూర్తిగా పాటిస్తే రెండోది పాటించలేం. బృందాలు హిమోగ్లోబిన్ ఆధారంగా కాక పరిపాలనా అనుమతి ఆధారంగా ఏర్పడినందువల్ల పెరుగుదలల పోలికను ప్రధాన విశ్లేషణగా ఉంచి, బేస్‌లైన్ సర్దుబాటును పరీక్షాత్మక విశ్లేషణగా అదే పట్టికలో చూపాలని అనుకుంటున్నాం. ఒకే హాస్టల్‌లోని వారి మధ్య సారూప్యతను మొదటి ప్రతిలో లెక్కించలేదు, ఇప్పుడు సరిచేస్తున్నాం. దీనివల్ల ముగింపు మునుపటి కన్నా జాగ్రత్తగా ఉంటుంది. మీకు వేరే అభిప్రాయం ఉంటే దయచేసి తెలపండి.’

వ్యాఖ్యల సంఖ్యలు మీ లేఖలో ఉన్నవి వేసుకోండి. చివరి వాక్యం అలా ఉంచడంలో ఉద్దేశం ఉంది. ఎడిటర్లకు తీరిక తక్కువ, కొత్తగా తీర్పు ఇవ్వడం కన్నా ముందున్న ప్రతిపాదనకు సరే అనడం వారికి సులువు. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, ఆ తరువాత కూడా రాకపోతే ఆ ప్రతిపాదన ప్రకారమే వెళ్లి, సవరించిన ప్రతితో పంపే ఉత్తరంలో మొదటి పేరాలోనే ఈ సంగతి చెప్పండి. రిజిస్టర్ల కోసం జిల్లా కార్యాలయం చుట్టూ తిరగడానికి ఎంత కాలం పడుతుందో మీకు తెలుసు కాబట్టి, గడువు పొడిగింపు కావాలంటే ఇప్పుడే అడగండి. గడువు దాటితే కొన్ని పత్రికల వ్యవస్థ దాన్ని కొత్త వ్యాసంగా తీసుకుంటుంది, మళ్లీ సమీక్షకులు మారవచ్చు.

సమీక్షకులకు ఇచ్చే జవాబులో ఈ రెండు వ్యాఖ్యలనూ ఒకే చోట, పూర్తి పాఠంతో పక్కపక్కన పెట్టి ఒకే సమాధానం రాయండి. మొదటి సమీక్షకుని పేరు కింద మళ్లీ అదే సమాధానాన్ని చూడమని ఒక వాక్యం చాలు. ఆ సమాధానంలో మొదటి సమీక్షకుని వాదం ఎక్కడ సరైనదో ముందు ఒప్పుకోండి: యాదృచ్ఛిక ప్రయోగమైతే ఆయన చెప్పినదే చేసేవాళ్లమని, ఆయన చెప్పిన విశ్లేషణ పట్టికలో ఫలానా వరుసలో ఉందని, దాని వల్ల మీ ముగింపు బలం తగ్గిందని చెప్పండి. రెండో సమీక్షకునికి ఆన్‌కోవాను ఎందుకు తీసెయ్యలేదో చెప్పాలి: అది ప్రధాన ఫలితం కాదని, కానీ పాఠకుడు దాన్ని ఎలాగూ లెక్కగట్టుకోగలడు కనుక దాని పరిమితిని, అంటే కొలత దోషాన్ని, వాలు తగ్గడాన్ని వివరిస్తూ ఉంచామని రాయండి. ‘విలువైన సూచనకు కృతజ్ఞతలు’ అని ప్రతి వ్యాఖ్య కింద రాసే అలవాటును ఇక్కడ తగ్గించుకుంటే మంచిది. విభేదించే చోట ఆ మాట ఖాళీగా వినిపిస్తుంది.

వ్యాసంలో కూడా మార్పు విశ్లేషణ విభాగంతో ఆగకూడదు. పద్ధతుల విభాగంలో జిల్లా ఎంపిక ఎలా జరిగిందో రెండు మూడు వాక్యాలు కలపండి, మీ సమీక్షకుల గొడవలో సగం ఆ వివరం తగినంత లేకపోవడం వల్లే వచ్చిందని నాకు అనిపిస్తోంది. యాదృచ్ఛికం కాని ప్రజారోగ్య అధ్యయనాలను ఎలా నివేదించాలో చెప్పే ట్రెండ్ ప్రకటన 2004 నుంచి ఉంది. అందులోని జాబితాను నింపి అనుబంధంగా జతచేస్తే, ఇది యాదృచ్ఛిక ప్రయోగం కాదన్న సంగతి మొదటి పేజీ నుంచే తెలుస్తుంది.

ఇంత చేసినా రెండో దఫాలో మొదటి సమీక్షకుడు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు అదే వాదాన్ని పొడిగించి రాయకండి, కొత్త సాక్ష్యం ఉంటేనే కలపండి. ఎడిటర్‌కు విడిగా ఒక ఉత్తరం రాసి, ఈ ఒక్క అంశంపై గణాంక సమీక్షకుని అభిప్రాయం తీసుకోమని కోరండి. అలాంటి కోరిక అసభ్యం కాదు, చాలా పత్రికలకు ఆ ఏర్పాటు ఉంటుంది. ఎడిటరే ఆన్‌కోవాను ప్రధానంగా పెట్టమని తీర్పు ఇస్తే, రెండు అంకెలూ పట్టికలో ఉన్నంతవరకు మీరు అంగీకరించవచ్చు, ఏ విశ్లేషణ ఎవరి సూచనతో, ఎప్పుడు ప్రధానమైందో పద్ధతుల విభాగంలో ఒక వాక్యం ఉంటే చాలు. పెరుగుదలల పోలికను వ్యాసం నుంచి పూర్తిగా తొలగించమంటే మాత్రం ఒప్పుకోవద్దని నా సలహా. ఆ స్థితిలో వేరే పత్రికను వెతుక్కోవడమే మేలు.